అపార్ట్‌మెంట్ బకాయిల జాబితా గూగుల్‌లో కనిపిస్తోందా? ఏ పేజీని ఎలా దాచాలి?

హఫీజ్‌పేట్ ఎంఎంటీఎస్ స్టేషన్‌కు దగ్గర్లో ఓ అపార్ట్‌మెంట్ ఉందనుకుందాం. నాలుగు బ్లాకులు, 160 ఫ్లాట్లు. దాదాపు సగం ఫ్లాట్లలో ఐటీ కంపెనీల్లో పనిచేసే అద్దెవాళ్లే ఉంటారు. రెండేళ్లు ఉండి వెళ్లిపోతుంటారు. నివాసితుల సంఘానికి సొంత వెబ్‌సైట్ ఉంది. మెయింటెనెన్స్ కట్టనివారి జాబితాను ప్రతి నెలా అందులో పెడతారు. పేరు, ఫ్లాట్ నంబరు, ఎంత బాకీ అన్నవి ఒక్కో వరుసలో ఉంటాయి. లిఫ్ట్ పక్కన నోటీసు బోర్డుకు అంటించే కాగితాన్నే సైట్‌లోనూ పెడుతున్నామని సంఘం అనుకుంటోంది.

సీ-304లో అద్దెకున్న ఒకాయనకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. బాకీ మొత్తం కట్టేసి వెళ్లారు. ఆర్నెల్ల తర్వాత అక్కడ ఇల్లు మారుదామనుకుంటే, కొత్త ఇంటి ఓనర్ ఆయన పేరు, పాత అడ్రస్ గూగుల్‌లో కొట్టి చూశారు. మొదటి పేజీలోనే అపార్ట్‌మెంట్ సైట్ లింకు, దాని కింద ఆయన పేరు, పక్కనే 'బకాయి రూ.18,400' అని కనిపించింది. లింకు తెరవాల్సిన అవసరం కూడా రాలేదు.

ఈ సంఘం, ఈ సీ-304 మనం ఊహించుకున్నవే. కానీ అసోసియేషన్, కాలనీ, ట్యూషన్ సెంటర్, గుడి కమిటీ, చిన్న క్లినిక్... ఇలా ఏ వెబ్‌సైట్ నడిపేవారికైనా ఇదే చిక్కు రావొచ్చు. పేజీ ఉండాలి, చూడాల్సిన వాళ్లు చూడాలి, గూగుల్‌లో మాత్రం ఆ మాటలు కనిపించకూడదు. దీనికి ఒకటి కాదు, చాలా మార్గాలున్నాయి. అవి చేసే పనులు వేర్వేరు. తప్పు మార్గం ఎంచుకుంటే దాచానని మీరు అనుకుంటారు, అది అలాగే కనిపిస్తూ ఉంటుంది.

జాబితాలో ఒక్క వరుస గూగుల్‌లోకి ఎలా వచ్చింది?

గూగుల్ ఒక పేజీ విషయంలో మూడు పనులు చేస్తుంది. ముందు దాని ప్రోగ్రామ్ లింకులు పట్టుకుని వచ్చి పేజీని చదువుతుంది. దీన్ని క్రాలింగ్ అంటారు. తర్వాత ఆ పేజీలోని మాటలను తన సూచికలో చేర్చుకుంటుంది. ఇది ఇండెక్సింగ్. ఆఖరిగా, ఎవరైనా వెతికినప్పుడు ఫలితంలో టైటిల్ కింద రెండు మూడు వరుసలు చూపిస్తుంది. వాటినే స్నిప్పెట్ అంటారు.

స్నిప్పెట్ ముందే రాసిపెట్టుకున్నది కాదు. మీరు వెతికిన మాటలు పేజీలో ఎక్కడున్నాయో చూసి, ఆ చుట్టుపక్కల వాక్యాలను గూగుల్ అప్పటికప్పుడు ఎంచుతుంది. అందుకే ఎవరైనా 'మెయింటెనెన్స్ బకాయిలు' అని కొడితే పేజీ మొదటి వరుస రావొచ్చు. ఒక మనిషి పేరు కొడితే మాత్రం 160 వరుసల్లోంచి సరిగ్గా ఆ మనిషి వరుసే పైకి వస్తుంది. నోటీసు బోర్డు ముందు నిలబడ్డ వాళ్లకు అందరి పేర్లూ ఒకేలా కనిపిస్తాయి. గూగుల్ ఆ జాబితాను ఒక్కో మనిషి పేరు మీద విడదీసి చూపిస్తుంది. నెల తిరిగితే బోర్డు మీద కాగితం మారిపోతుంది. పాత జాబితా పేజీ సైట్‌లో ఉన్నంతకాలం గూగుల్‌లోనూ ఉండిపోవచ్చు.

ముందు వేసుకోవాల్సిన మూడు ప్రశ్నలు

ఏ ట్యాగ్ పెట్టాలన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ పేజీ గురించి ఈ మూడు ప్రశ్నలు వరుసగా వేసుకోండి.

1. ముక్కూమొహం తెలియని మనిషి చేతికి ఈ లింకు దొరికితే, అతను ఇది చదవొచ్చా? వద్దనుకుంటే పేజీకి లాగిన్ పెట్టాలి, లేదా ఆ సమాచారాన్ని సైట్ నుంచే తీసేయాలి. ఇక్కడ ఏ ట్యాగూ పనికిరాదు.

2. లింకు ఉన్నవాళ్లు చదివితే ఇబ్బంది లేదు, కానీ గూగుల్‌లో వెతికే వాళ్లకు దొరకొచ్చా? వద్దనుకుంటే నోఇండెక్స్.

3. గూగుల్‌లో దొరకాలి, కానీ అందులోని ఒక భాగం మాత్రం ఫలితాల పేజీలో కనిపించకూడదా? అప్పుడు స్నిప్పెట్‌ను కట్టడి చేసే ఆదేశాలు.

చాలామంది మూడో ప్రశ్నతో మొదలుపెడతారు. ఫలితాల్లో కనిపించిన ఆ రెండు వరుసలే కదా ఇబ్బంది, అవి పోతే చాలనుకుంటారు. కానీ వరుస క్రమం ముఖ్యం. మొదటి ప్రశ్నకే 'వద్దు' అని జవాబు వస్తే మిగతా రెండింటి దాకా వెళ్లాల్సిన పనే లేదు.

లాగిన్ కావాల్సిన చోట ట్యాగ్ పెడితే?

2017 మే నెలలో బెంగళూరుకు చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో లబ్ధిదారుల ఆధార్ నంబర్లు ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయని, వాటి సంఖ్య సుమారు 13 కోట్లు ఉండొచ్చని అందులో అంచనా వేసింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి. ఒకటి చంద్రన్న బీమా పథకానిది, రెండోది ఉపాధి హామీ రోజువారీ చెల్లింపుల నివేదికలది.

ఆ పేజీలు పెట్టడం వెనక ఒక మంచి కారణమే ఉంది. ఎవరికి ఎంత డబ్బు చేరిందో ఊళ్లోవాళ్లు సరిచూసుకునే వీలుండాలి. కానీ ఆ లెక్క సరిచూడ్డానికి పేరు, ఊరు, మొత్తం చాలు. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు అక్కర్లేదు.

అలాంటి పేజీకి నోఇండెక్స్ పెట్టారనుకోండి. గూగుల్‌లో కనిపించదు. కానీ లింకు తెలిసిన ఎవరైనా తెరవొచ్చు. అడ్రస్ బార్‌లో చివరి అంకె మారుస్తూ పోతే తర్వాతి పేజీలూ తెరుచుకోవచ్చు. నోఇండెక్స్ అన్నది సెర్చ్ ఇంజిన్‌కు చేసే మనవి మాత్రమే. పేరున్న సెర్చ్ ఇంజిన్లు దాన్ని మన్నిస్తాయి. ఫోన్ నంబర్లు ఏరుకునే ప్రోగ్రామ్‌లు దాన్ని చూడను కూడా చూడవు. తలుపు మీద 'లోపలికి రావద్దు' అని బోర్డు పెట్టడం వేరు, తాళం వేయడం వేరు.

మన హఫీజ్‌పేట్ సంఘం సైట్‌లో ఈ కోవలోకి వచ్చేవి ఏంటి? ఇళ్లలో పనిచేసే వారి పేర్లు, ఫోన్ నంబర్లు, గుర్తింపు కార్డుల కాపీలు ఉన్న పేజీ. ఏ ఫ్లాట్‌లో ఏ బండి, దాని నంబరేంటి అన్న పార్కింగ్ జాబితా. ఊరెళ్లిన వాళ్ల వివరాలు వాచ్‌మన్ కోసం రాసిపెట్టుకున్న పేజీ. ఇవి బయటివాళ్ల కంట పడితే నష్టం. కాబట్టి వీటికి లాగిన్ పెట్టాలి. లాగిన్ పెట్టడం రాకపోతే వీటిని వెబ్‌సైట్‌లో పెట్టకపోవడమే మేలు.

నోఇండెక్స్ ఎప్పుడు సరైనది?

లింకు ఉన్న ఎవరైనా తెరవగలగాలి, కానీ వెతికితే దొరకకూడదు. ఇలాంటి పేజీలు మనం అనుకునే దానికంటే ఎక్కువే ఉన్నాయి. మీ ఫోన్‌లోనే ఒక ఉదాహరణ ఉంది.

వాట్సాప్ గ్రూపులో చేరమని పంపే ఆహ్వాన లింకు అలాంటిదే. లింకు వచ్చిన వాళ్లు లాగిన్, పాస్‌వర్డ్ అడ్డు లేకుండా దాన్ని తెరవాలి. లేకపోతే అది ఆహ్వానమే కాదు. 2020 ఫిబ్రవరిలో ఇలాంటి లింకులు పెద్ద సంఖ్యలో గూగుల్‌లో దొరుకుతున్నాయని బయటపడింది. ఎవరో ఆ లింకులను బహిరంగ వెబ్ పేజీల్లో పెట్టారు, గూగుల్ అక్కడి నుంచి పట్టుకుంది. 2020 మార్చి నుంచి ఆ పేజీలకు నోఇండెక్స్ ట్యాగ్ పెడుతున్నామని వాట్సాప్ తర్వాత చెప్పింది. అప్పటికే ఎవరైనా కాపీ చేసుకున్న లింకును మాత్రం ఆ ట్యాగ్ ఆపలేదు. గ్రూప్ అడ్మిన్ లింకును రీసెట్ చేస్తేనే పాతది పనిచేయడం ఆగుతుంది.

కోర్టు తీర్పులది ఇంకో రకం ఉదాహరణ. తీర్పు బహిరంగ పత్రం, దాన్ని చెరిపేయలేరు. కానీ నిర్దోషిగా బయటపడ్డ మనిషి పేరు కొట్టినప్పుడల్లా ఆ కేసే ముందు రావడం అన్యాయం. 2021 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ముందుకు సరిగ్గా ఇలాంటి పిటిషనే వచ్చింది. తీర్పును సెర్చ్ ఫలితాల నుంచి తొలగించాలని గూగుల్‌ను, సెర్చ్ ఇంజిన్ల ద్వారా ఆ పేజీకి చేరకుండా చూడాలని ఇండియన్ కానూన్ సైట్‌ను కోర్టు మధ్యంతర ఉత్తర్వులో ఆదేశించింది. తీర్పు ఉంటుంది, పేరు వెతికితే మాత్రం ఎదురుపడదు.

మన సంఘం బకాయిల పేజీ కూడా కనీసం ఈ గీత దగ్గర ఆగాలి. ఫ్లాట్ ఓనర్లలో కొందరు వేరే ఊళ్లలో ఉంటారు, వాళ్లకు లింకు పంపాలి, అందరికీ లాగిన్లు ఇవ్వడం కుదరదని సెక్రటరీ అంటారు. సరే, అలాగైతే నోఇండెక్స్ పెట్టి, పేర్లు తీసేసి ఫ్లాట్ నంబర్లు మాత్రమే ఉంచాలి. సీ-304 అని ఉంటే ఓనర్‌కు అర్థమవుతుంది, బెంగళూరులో పేరు వెతికే వాళ్లకు ఏమీ దొరకదు.

పేజీ కోడ్‌లో, హెడ్ భాగంలో ఈ ఒక్క వరుస పెడితే సరిపోతుంది:

```
<meta name="robots" content="noindex">
```

వర్డ్‌ప్రెస్ వాడేవారు ఒక విషయం గమనించాలి. సెట్టింగ్స్‌లో రీడింగ్ విభాగంలో, సెర్చ్ ఇంజిన్లు సైట్‌ను ఇండెక్స్ చేయకుండా నిరుత్సాహపరిచే టిక్ బాక్స్ ఒకటి ఉంటుంది. దాన్ని టిక్ చేస్తే ఒక్క పేజీ కాదు, మొత్తం సైట్ మీద ఆ మాట పడుతుంది. కొన్ని వారాల తర్వాత అపార్ట్‌మెంట్ పేరు కొట్టినా సైట్ రావడం లేదేంటని తల పట్టుకోవాల్సి వస్తుంది. ఒక్క పేజీకి పెట్టాలంటే ఆ పేజీ ఎడిటర్‌లో ఎస్ఈఓ ప్లగిన్ ఇచ్చే సెట్టింగ్ వాడాలి.

అందరూ పడే గుంత: `robots.txt`

గూగుల్‌లో కనిపించకుండా చేయాలనగానే చాలామంది వెబ్ డిజైనర్లు `robots.txt` ఫైల్ తెరిచి ఇలా రాస్తారు:

```
User-agent: *
Disallow: /dues/
```

ఇది క్రాలింగ్‌ను ఆపుతుంది, ఇండెక్సింగ్‌ను కాదు. అంటే 'ఆ గదిలోకి వచ్చి చదవొద్దు' అని చెప్పినట్టు. గది ఉన్న సంగతి ఇతర పేజీల్లోని లింకుల ద్వారా గూగుల్‌కు తెలిస్తే, లోపల ఏముందో చదవకుండానే ఆ అడ్రస్‌ను ఫలితాల్లో చూపించొచ్చు. అలాంటప్పుడు టైటిల్‌ను ఆ లింకు మీద రాసిన మాటల నుంచి తీసుకుంటుంది. హోమ్ పేజీలో లింకు మీద 'సీ బ్లాక్ బకాయిదారులు' అని రాసి ఉంటే, ఫలితంలోనూ అదే రావొచ్చు.

అసలు చిక్కు ఇది కాదు. కొందరు జాగ్రత్త కోసం రెండూ పెడతారు. పేజీలో నోఇండెక్స్, `robots.txt`లో అడ్డు. రెండు తాళాలు వేశామనుకుంటారు. కానీ పేజీని చదవనిస్తేనే కదా లోపల నోఇండెక్స్ అని రాసి ఉందని గూగుల్‌కు తెలిసేది! అడ్డు పెట్టడంతో ఆ మాట గూగుల్ చెవిన పడదు. ఒకటి రెండోదాన్ని పని చేయనివ్వదు. కాబట్టి నోఇండెక్స్ పెట్టిన పేజీకి `robots.txt`లో అడ్డు ఉంటే తీసేయాలి. వినడానికి వింతగా ఉన్నా, దాచడానికి తలుపు తెరవాలి.

`robots.txt`లోనే `noindex` అని రాసే పాత పద్ధతి ఒకటుండేది. 2019 సెప్టెంబర్ 1 నుంచి గూగుల్ దాన్ని పట్టించుకోవడం మానేసింది. పైగా ఆ ఫైల్ ఎవరైనా చూడగలిగేది. ఏ సైట్ పేరు చివరైనా `/robots.txt` అని కొడితే తెరుచుకుంటుంది. దాచాల్సిన పేజీల చిరునామాలు అందులో రాయడమంటే వాటి జాబితాను మనమే ఊరికి పంచినట్టు.

పీడీఎఫ్‌ల సంగతేంటి?

సర్వసభ్య సమావేశం మినిట్స్, ఆడిట్ లెక్కలు సాధారణంగా పీడీఎఫ్‌లుగా ఉంటాయి. గూగుల్ వాటిని కూడా చదివి ఇండెక్స్ చేస్తుంది. పీడీఎఫ్‌కు హెడ్ భాగం ఉండదు కాబట్టి మెటా ట్యాగ్ పెట్టలేం. ఆ ఫైల్‌ను పంపేటప్పుడు సర్వరే ఆ మాట చెప్పాలి. అపాచీ సర్వర్ అయితే ఆ ఫైల్స్ ఉన్న ఫోల్డర్‌లోని `.htaccess`లో ఇలా రాస్తారు:

```
<FilesMatch "\.pdf$">
  Header set X-Robots-Tag "noindex"
</FilesMatch>
```

దీన్ని సైట్ మొత్తానికి పెడితే ప్రతి పీడీఎఫ్ మాయమవుతుంది. అద్దెకు ఇల్లు వెతుక్కునేవాళ్లు చూడాల్సిన నియమావళి పీడీఎఫ్ కూడా పోతుంది. అందుకే మినిట్స్, లెక్కలు వేరే ఫోల్డర్‌లోకి మార్చి, ఆ ఫోల్డర్‌కు మాత్రమే పెట్టాలి. పీడీఎఫ్ ఉన్న వెబ్ పేజీకి నోఇండెక్స్ పెట్టినంత మాత్రాన పీడీఎఫ్ దాగదు. గూగుల్ దృష్టిలో అవి రెండు వేర్వేరు చిరునామాలు.

స్నిప్పెట్ కట్టడి ఎప్పుడు చాలు?

ఇప్పుడు సైట్‌లో ఇంకో పేజీ చూద్దాం. 'అత్యవసర నంబర్లు'. లిఫ్ట్ ఆగిపోతే ఎవరికి చేయాలి, జలమండలి ట్యాంకర్ ఎలా బుక్ చేయాలి, జనరేటర్ ఎవరు చూస్తారు అన్న వివరాలన్నీ అందులో ఉన్నాయి. ఈ పేజీ గూగుల్‌లో దొరకాలి. అర్ధరాత్రి లిఫ్ట్‌లో ఇరుక్కున్న వాళ్లు ఫోన్‌లో అపార్ట్‌మెంట్ పేరు కొట్టి వెతుకుతారు. నోఇండెక్స్ పెడితే వాళ్లకు దారి మూసేసినట్టే.

కానీ అందులో ప్లంబర్, ఎలక్ట్రీషియన్ సొంత మొబైల్ నంబర్లున్నాయి. హఫీజ్‌పేట్ ప్లంబర్ అని ఎవరు వెతికినా ఆ నంబరు స్నిప్పెట్‌లో వస్తోంది. ఊరందరి కాల్స్ అతనికే వెళ్తున్నాయి. ఇక్కడ పేజీని దాచకుండా ఆ ముక్కను మాత్రం స్నిప్పెట్‌లోకి రానివ్వకుండా చేయొచ్చు:

```
<p>ప్లంబర్: <span data-nosnippet>98XXXXXX10</span></p>
```

`data-nosnippet` ను `span`, `div`, `section` అనే మూడు ట్యాగ్‌ల మీద పెట్టొచ్చు. ట్యాగ్ తెరిచి సరిగ్గా మూయకపోతే ఎక్కడిదాకా దాచాలో గూగుల్‌కు అర్థం కాదు. ఇది గూగుల్ తెచ్చిన పద్ధతి. ప్రతి సెర్చ్ ఇంజిన్ దీన్ని పాటిస్తుందని అనుకోవద్దు.

పేజీ మొత్తానికి స్నిప్పెట్ వద్దనుకుంటే:

```
<meta name="robots" content="nosnippet">
```

అప్పుడు ఫలితంలో టైటిల్, చిరునామా మాత్రం కనిపిస్తాయి. మూడోది `max-snippet`. దీంతో స్నిప్పెట్‌లో గరిష్ఠంగా ఎన్ని అక్షరాలు ఉండొచ్చో చెప్పొచ్చు. `max-snippet:60` అంటే అరవైకి మించకూడదని. సున్నా పెడితే స్నిప్పెట్ పూర్తిగా పోతుంది. వార్తా సంస్థలు కథనం మొత్తం ఫలితాల్లోనే చదివేయకుండా దీన్ని వాడతాయి. వ్యక్తిగత సమాచారాన్ని దాచడానికి మాత్రం ఇది పనికిరాదు. ఎన్ని అక్షరాలో చెబుతుంది గానీ ఏ అక్షరాలో చెప్పదు. ఆ అరవైలో ఫోన్ నంబరు సుఖంగా పట్టేస్తుంది.

స్నిప్పెట్ పోయినా పేజీ దొరుకుతుంది

ఈ మూడింటికీ ఉమ్మడిగా ఒక పరిమితి ఉంది. దాన్ని పట్టుకుంటే మిగతా లెక్కంతా తేలిపోతుంది. ఇవి చూపించడాన్ని ఆపుతాయి, వెతకడాన్ని ఆపవు. ఆ మాటలు గూగుల్ సూచికలో అలాగే ఉంటాయి.

బకాయిల పేజీకి సంఘం నోస్నిప్పెట్ మాత్రమే పెట్టిందనుకోండి. బెంగళూరు ఓనర్ మళ్లీ ఆయన పేరు కొడతారు. ఈసారి రూ.18,400 కనిపించదు. కానీ 'మెయింటెనెన్స్ బకాయిదారుల జాబితా' అన్న టైటిల్‌తో అదే పేజీ వస్తుంది. పేరు కొడితే ఆ పేజీ వచ్చిందంటేనే విషయం అర్థమైపోతుంది. ఒక్క నొక్కు నొక్కితే మిగతాదీ తెలుస్తుంది. ఇలాంటి చోట నోస్నిప్పెట్ వల్ల పరువు దక్కదు, ఆసక్తి పెరుగుతుంది.

కాబట్టి గుర్తు ఇది. ఆ మాటతో వెతికి పేజీకి చేరడమే నష్టమైతే నోఇండెక్స్. చేరితే మంచిదే గానీ ఆ మాట ఫలితాల్లోనే పరిచినట్టు కనిపించడం ఇబ్బందైతే స్నిప్పెట్ కట్టడి. ప్లంబర్ నంబరుది రెండోది. సీ-304 బాకీది మొదటిది.

వాట్సాప్‌లో లింకు పెట్టగానే బొమ్మతో పాటు వచ్చే చిన్న వివరణ దీనికి సంబంధం లేనిది. దాన్ని వాట్సాప్ పేజీలోని `og:title`, `og:description` అనే వరుసల నుంచి తీసుకుంటుంది. నోఇండెక్స్, నోస్నిప్పెట్ వాటిని ఆపవు. పేర్లు, మొత్తాలు అక్కడ రాసి ఉంటే విడిగా తీసేయాలి.

పెట్టాక పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

ట్యాగ్ పెట్టిన వెంటనే ఫలితం మాయం కాదు. గూగుల్ మళ్లీ ఆ పేజీకి వచ్చి చదివాకే తొలగిస్తుంది. పెద్ద వార్తా సైట్లకు తరచూ వస్తుంది. అపార్ట్‌మెంట్ సైట్ లాంటి చిన్నవాటికి రోజులు, ఒక్కోసారి వారాలు పట్టొచ్చు. మన సెక్రటరీ చేయాల్సిన పనులు ఈ వరుసలో ఉంటాయి.

ముందు గూగుల్‌లో `site:` అని కొట్టి, ఖాళీ వదలకుండా పక్కనే సైట్ పేరు రాసి వెతకాలి. ఆ సైట్‌కు చెందినవి ఏమేం బయటికి కనిపిస్తున్నాయో చాలావరకు తెలుస్తుంది. మర్చిపోయిన పాత జాబితాలు, పాత పీడీఎఫ్‌లు ఇక్కడే బయటపడతాయి. ఈ నెల పేజీకి ట్యాగ్ పెట్టి, గత పన్నెండు నెలల పేజీలు వదిలేస్తే లాభం లేదు.

తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైట్‌ను నమోదు చేసుకోవాలి. ఇది ఉచితం. సైట్ మీదేనని నిరూపిస్తే చాలు. అందులో యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌కు వెళ్లి పేజీ చిరునామా ఇచ్చి లైవ్ టెస్ట్ నొక్కాలి. నోఇండెక్స్ కనబడిందని వస్తే ట్యాగ్ సరిగ్గా పడ్డట్టు. పేజీల నివేదికలో `Indexed, though blocked by robots.txt` అని కనిపిస్తే పైన చెప్పిన గుంతలో పడ్డట్టే. అడ్డు తీసేయాలి.

అంత ఆగలేమనుకుంటే అదే కన్సోల్‌లో రిమూవల్స్ అనే విభాగం ఉంది. అక్కడ అడిగితే ఫలితం సాధారణంగా ఒక రోజులోపే కనిపించకుండా పోతుంది. కానీ అది దాదాపు ఆర్నెల్లే. ఈలోపు ట్యాగ్ పెట్టకపోతే గడువు తీరాక జాబితా మళ్లీ తేలుతుంది. ముందు ట్యాగ్, తర్వాత రిమూవల్. వరుస తప్పకూడదు.

ఆఖరిగా, ఫోన్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, జాబితాలో ఉన్న ఒకరిద్దరి పేర్లు ఫ్లాట్ నంబరుతో కలిపి వెతికి చూడాలి. అపార్ట్‌మెంట్ పేరు కొట్టి హోమ్ పేజీ, అత్యవసర నంబర్ల పేజీ ఇంకా వస్తున్నాయో లేదో కూడా చూడాలి. దాచాల్సినవి దాగడం సగం పని. దొరకాల్సినవి దొరకడం మిగతా సగం.

జాబితాలో ఉన్నది మీ పేరే అయితే?

మీరు సీ-304 స్థానంలో ఉంటే మీ చేతిలో ట్యాగులు ఉండవు. ముందు సంఘాన్ని అడగండి. ఫోన్‌లో కాకుండా ఈమెయిల్‌లో రాయండి. పేజీ చిరునామా, మీ పేరు కనిపిస్తున్న ఫలితం స్క్రీన్‌షాట్, బాకీ కట్టిన రసీదు జతచేయండి. 'గూగుల్ నుంచి తీసేయండి' అని మాత్రమే రాస్తే `robots.txt`లో ఒక వరుస పడేసి అయిపోయిందంటారు. 'నా పేరు పేజీ నుంచి తొలగించండి, పేజీకి నోఇండెక్స్ పెట్టండి' అని స్పష్టంగా అడగండి.

వాళ్లు పేరు తీసేశాక కూడా పాత స్నిప్పెట్ కొన్నాళ్లు కనిపించొచ్చు. గూగుల్ దగ్గర `Refresh Outdated Content` అనే సాధనం ఉంది. సైట్ మీది కాకపోయినా వాడొచ్చు. పేజీ చిరునామాతో పాటు, ఇప్పుడు పేజీలో లేని ఒక మాట ఇవ్వాలి. గూగుల్ సరిచూసి పాత స్నిప్పెట్‌ను తీసేస్తుంది. పేజీలో ఆ మాట ఇంకా ఉంటే మాత్రం ఈ విన్నపం చెల్లదు.

సంఘం పలకకపోతే, ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, గుర్తింపు కార్డు, బ్యాంకు వివరాల లాంటివి ఫలితాల్లో వస్తుంటే తొలగించమని గూగుల్‌కే నేరుగా ఫారం నింపి పంపొచ్చు. ఒక్కో విన్నపాన్ని వాళ్లు విడిగా చూస్తారు. ఒప్పుకుంటే ఫలితం పోతుంది, అసలు పేజీ మాత్రం అక్కడే ఉంటుంది. లింకు ఉన్నవాళ్లకు ఇంకా తెరుచుకుంటుంది. ఆ పేజీని మార్చగలిగేది దాన్ని పెట్టినవాళ్లే.